టెస్ట్ మాట ఇంట్లో ఎలా ఎత్తాలి

ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కొన్నేళ్లు కౌన్సిలర్‌గా పనిచేశాను. మా గది కారిడార్ చివర, ఎక్స్‌రే గది పక్కన ఉండేది. బయట బెంచీ మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమంది గర్భిణులే. మొదటి చెకప్‌లో హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్‌తో పాటు హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి కూడా చూస్తారు. అంటే చాలా ఇళ్లలో ఆలుమగలిద్దరిలో ఈ పరీక్ష ముందు జరిగేది భార్యకే. అందులో ఏదైనా తేలిందా, ఇంట్లో మొదటి మాట ఒకటే: "నీకు ఎక్కణ్నుంచి వచ్చింది?" అడుగుతున్న ఆయనకి అప్పటికి టెస్టే జరగలేదు!

ముందు చేయి చాపినవాళ్ల మీదకే నింద వస్తుంది. ఆ గదిలో కూర్చుని నేను నేర్చుకున్నది ఇదే. కాబట్టి పెళ్లి కుదిరినవాళ్లైనా, కొత్తగా కలిసి ఉంటున్నవాళ్లైనా, పిల్లల కోసం అనుకుంటున్నవాళ్లైనా, గల్ఫ్ నుంచి భర్త రెండేళ్లకి ఇంటికొస్తున్నవాళ్లైనా నేను చెప్పేది ఒకటే: ఇద్దరూ ఒకే రోజు రక్తం ఇవ్వండి, రిపోర్టులు ఇద్దరూ ఒకేసారి చూడండి. అక్కడిదాకా మాటని ఎలా నడపాలో ఇప్పుడు చెప్తాను.

ముందు మీలో మీరు తేల్చుకోవాల్సింది

మీరు అడగబోయేది ఏ ప్రశ్న? "నాకంటే ముందు నీకు ఎవరైనా ఉన్నారా?" అనేది ఒకటి. "మనిద్దరం టెస్ట్ చేయించుకుందామా?" అనేది ఇంకొకటి. ఈ రెండూ కలిపేస్తేనే గొడవ. మొదటిదానికి నిజం చెప్పినా అబద్ధం చెప్పినా మీ ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే చాలామందికి తమ ఒంట్లో ఏముందో తమకే తెలియదు. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. సిఫిలిస్ పుండు నొప్పి పెట్టదు, మందు వేసుకోకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది, మనిషి మర్చిపోతాడు. ఇక మూత్రంలో మంట పుడితే మన ఇళ్లలో "వేడి చేసింది" అని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేస్తారు. కొన్నిసార్లు అది నిజంగా నీళ్లు సరిగా తాగకపోవడమే కావచ్చు, కొన్నిసార్లు పాతకాలంవాళ్లు సెగ అనేవాళ్లే, ఆ గనోరియా కావచ్చు. సబ్జాకి ఆ తేడా తెలియదు.

కాబట్టి రెండో ప్రశ్న ఒక్కటే పట్టుకోండి. పాత సంగతులు డాక్టరుకి అవసరమైతే డాక్టరే ఒక్కొక్కరిని విడిగా అడుగుతారు. మీకు తెలుసుకోవాలని ఉంటే అది వేరే రోజు, వేరే మాట.

ఇంకో చిక్కు కూడా ముందే చూసుకోండి. మీకు ఇప్పటికే ఏదైనా లక్షణం ఉంటే, అంటే పుండు, మంట, వాసనతో తెల్లబట్ట, గజ్జల్లో గడ్డలు లాంటివి ఉంటే, ఆ సంగతి దాచిపెట్టి "ఊరికే చేయించుకుందాం" అని మొదలుపెట్టకండి. తర్వాత బయటపడితే ఎదుటివాళ్లకి గుర్తుండేది రోగం కాదు, మీరు దాచిన సంగతి.

ఎప్పుడు, ఎక్కడ

పక్క మీద వద్దు. దీపం ఆర్పాక ఈ మాట ఎత్తితే అది ఆరోగ్యం మాటలా వినిపించదు, వద్దనడానికి సాకులా వినిపిస్తుంది. గొడవ మధ్యలో వద్దు. ఫోన్‌లో మెసేజ్ వద్దు, ఎందుకంటే అది ఎవరి కంట పడుతుందో చెప్పలేం.

అత్తమామలు, మరుదులు ఉన్న రెండు గదుల ఇంట్లో ఇంకెక్కడ మాట్లాడతాం అని చాలామంది అడిగేవాళ్లు. డాబా మీద, సాయంత్రం బట్టలు తీసేటప్పుడు. బండి మీద వెళ్తూ ఏ టీ కొట్టు దగ్గరో ఆగినప్పుడు. నడకలోనో ప్రయాణంలోనో ఒకరి కళ్లలోకి ఒకరు చూడాల్సిన పని ఉండదు కదా, సిగ్గుపడేవాళ్లకి అది పెద్ద ఊరట. పావుగంట చాలు.

మొదటి వాక్యంలో "నువ్వు" రాకూడదు, "నేను" రావాలి. "నువ్వు టెస్ట్ చేయించుకో" అంటే ఆజ్ఞ. "నేను చేయించుకుంటున్నాను, ఇద్దరం కలిసి వెళ్దాం" అంటే తోడు పిలిచినట్టు. ఏదో ఒక కారణం పట్టుకుంటే మాట సులువుగా దొర్లుతుంది. పెళ్లి కుదిరినవాళ్లు, ముఖ్యంగా అబ్బాయి, ఇలా అనొచ్చు: "పెళ్లికి ముందు నేను హెచ్ఐవీ, హెపటైటిస్ టెస్టులు చేయించుకుందామనుకుంటున్నాను. నా రిపోర్టు నీకు చూపిస్తాను. నువ్వు కూడా చేయించుకుంటే బావుంటుంది." ఈ మాట అబ్బాయి నోట ముందు వస్తే అమ్మాయికి సగం బరువు దిగిపోతుంది. అమ్మాయి అడిగితే "ఇవన్నీ నీకెలా తెలుసు?" అనే ప్రశ్న వస్తుందని ఆమె భయం. ఆ భయం ఉత్తదేం కాదు.

దూరం నుంచి వస్తున్న భర్తతో అయితే ఫోన్‌లో, ఆయన విమానం ఎక్కకముందే మాట్లాడటం మేలు. ఇంటికొచ్చిన రాత్రి, సూట్‌కేసు ఇంకా తెరవకుండా అడిగితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. "ఏవండీ, మీరొచ్చాక పిల్లల కోసం చూద్దామనుకున్నాం కదా, దానికి ముందు ఇద్దరం ఒకసారి రక్తపరీక్షలు చేయించుకుందాం, అప్పటిదాకా కండోమ్ వాడదాం" అని మామూలు విషయాల మధ్యలో అనేయొచ్చు.

"నా మీద అనుమానమా?" అంటే

ఈ ప్రశ్న వస్తుంది. రాకపోతే మీరు అదృష్టవంతులు. దీనికి "లేదు లేదు, అదేం కాదు" అని కంగారుగా సర్దిచెప్తే నిజంగానే అనుమానం ఉన్నట్టు కనబడుతుంది. మా గదికి వచ్చిన ఒకావిడ చెప్పిన జవాబు నాకు చాలా నచ్చింది. తర్వాత నేనూ ఎంతోమందికి నేర్పాను: "అనుమానమైతే మిమ్మల్ని ఒక్కర్నే పంపేదాన్ని. నేనూ చేయి చాపుతున్నాగా." ఆ జంట సంగతి కిందకి వస్తాను.

"మనకేం లేదు కదా, బాగానే ఉన్నాం" అంటే, లక్షణాలు లేకుండా ఉండటమే వీటి స్వభావమని చెప్పండి. హెపటైటిస్ బి మంచి ఉదాహరణ. అది శారీరక సంబంధంతోనే రావాలని లేదు. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకి రావొచ్చు, ఒకరికి వాడిన బ్లేడు, సూది వల్ల రావొచ్చు. పాతికేళ్లుగా ఒంట్లో ఉండి, రక్తదానం చేసినప్పుడు మొదటిసారి తెలిసినవాళ్లున్నారు. అలాంటి మనిషిని పట్టుకుని "ఎక్కడ తిరిగావు?" అనడం ఎంత అన్యాయమో చూడండి. ఈ ఒక్క ఉదాహరణ వినగానే మెత్తబడ్డ మగవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఒకసారి అడిగి, కాదంటే వదిలేయండి. రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ అడగొచ్చు. ఆలోగా మీ టెస్ట్ మీరు ఒక్కరే చేయించుకోకపోతే మంచిది. లక్షణాలుంటే మాత్రం అస్సలు ఆగొద్దు, ఒక్కరైనా వెళ్లిపోండి.

ఏ టెస్టులు, ఎన్నాళ్లకి

"ఫుల్ బాడీ చెకప్ చేయించాం కదా, అన్నీ నార్మలే" అంటారు. ఆ ప్యాకేజీల్లో షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్ ఉంటాయి, మామూలుగా ఇవి ఉండవు. పేరు పెట్టి అడగాలి. నాలుగు రక్తపరీక్షలు అడగండి: హెచ్ఐవీ, హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్ఏజీ, హెపటైటిస్ సి కోసం యాంటీ హెచ్‌సీవీ, సిఫిలిస్ కోసం వీడీఆర్ఎల్. వీడీఆర్ఎల్‌తో పాటు టీపీహెచ్‌ఏ కూడా చేయమనండి, ఎందుకో కింద తెలుస్తుంది. క్లమీడియా, గనోరియా రక్తంలో తెలియవు. వాటికి మగవాళ్ల దగ్గర మూత్రం, ఆడవాళ్ల దగ్గర యోని స్వాబ్ తీసుకుని చేసే పీసీఆర్ పరీక్ష ఉంది. పెద్ద ల్యాబుల్లోనే దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. వీటిలో దేనికీ పరగడుపున వెళ్లక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్లొచ్చు.

లక్షణాలేమీ లేకుండా, మర్మాంగాల దగ్గర పొక్కులు తెచ్చే హెర్పిస్‌కి రక్తపరీక్ష చేయించుకోవడం అనవసరం. అందులోనూ ఐజీఎం అనే రకం నమ్మదగింది కాదు, లేనిపోని టెన్షన్ తెచ్చిపెడుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌కి మగవాళ్లలో మామూలుగా చేసే పరీక్ష ఏదీ లేదు. ఆడవాళ్లు వయసుని బట్టి గర్భాశయ ముఖద్వారానికి చేసే స్క్రీనింగ్ గురించి గైనకాలజిస్టుని అడగాలి.

ఎక్కడ? ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అనే హెచ్ఐవీ కౌన్సిలింగ్, టెస్టింగ్ కేంద్రంలో హెచ్ఐవీ టెస్ట్ ఉచితం. ముందు కౌన్సిలింగ్, తర్వాత టెస్ట్, మళ్లీ కౌన్సిలింగ్ ఉంటాయి. మీ అంగీకారం లేకుండా టెస్ట్ చేయకూడదు, మీ ఫలితం ఊరికే ఎవరికీ చెప్పకూడదు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఆ హక్కు ఇచ్చింది. జిల్లా ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకి విడిగా క్లినిక్ ఉంటుంది, సురక్ష క్లినిక్ అని బోర్డు కనిపిస్తే అదే. దగ్గర్లో ఎక్కడుందో తెలియకపోతే 1097 కి ఫోన్ చేయండి, ఉచితం. ప్రైవేటు ల్యాబుకి వెళ్లినా ఇబ్బంది లేదు, రిపోర్టు వాట్సాప్‌లో వద్దు, చేతికే ఇవ్వమనండి.

ఇప్పుడు అందరూ తప్పులో కాలేసే చోటు. ఒంట్లోకి క్రిమి వచ్చిన మర్నాడే టెస్టులో కనబడదు. ల్యాబులో రక్తనాళం నుంచి తీసిన రక్తంతో చేసే కొత్త తరం హెచ్ఐవీ టెస్టు అయితే దాదాపు ఆరు వారాలకి పట్టేస్తుంది. వేలి చుక్కతో చేసే ర్యాపిడ్ టెస్టుకి మూడు నెలల దాకా పట్టొచ్చు. సిఫిలిస్‌కీ మూడు నెలల లెక్కే వేసుకోండి. గడిచిన మూడు నెలల్లో ఏ రిస్కూ లేదనుకుంటే ఒక్క టెస్టు చాలు. ఈ మధ్యే ఏదైనా జరిగి ఉంటే ఇప్పుడొకసారి, మూడు నెలలు నిండాక ఇంకోసారి. పోయిన వారం సంగతి దాచి ఇవాళ నెగెటివ్ రిపోర్టు చూపిస్తే ఆ కాగితానికి విలువ లేదు. అందుకే మీ భాగస్వామిని "ఎవరితో?" అని అడగకుండా "ఈ మూడు నెలల్లో మళ్లీ టెస్ట్ అవసరమయ్యేలాంటిది ఏమైనా ఉందా?" అని మాత్రం అడగండి. పేర్లు అక్కర్లేదు, అవును, కాదు చాలు. అవునంటే మూడు నెలలు కండోమ్, తర్వాత రెండో టెస్ట్.

ఇంకొక్క మాట. కండోమ్ చిరిగిపోవడమో, బలవంతమో, ఇంకేదో జరిగి హెచ్ఐవీ భయం ఉంటే 72 గంటల్లోగా ఆసుపత్రికి వెళ్తే పెప్ అనే మందు 28 రోజులు ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ గడపకండి. ముందు మందు, తర్వాత మాట.

రిపోర్టు వచ్చేదాకా కండోమ్

పెళ్లయినవాళ్లు కండోమ్ అంటే పిల్లలు వద్దనుకున్నప్పుడు వాడేదనే అనుకుంటారు. "కాపర్ టీ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" అని అడుగుతారు. కాపర్ టీ గానీ, మాత్రలు గానీ, మర్నాడు వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర గానీ గర్భాన్ని ఆపుతాయి, క్రిముల్ని ఆపవు. ఈ తేడా ఒకసారి చెప్తే చాలు, "నువ్వు నన్ను నమ్మట్లేదు" అనే గోల తగ్గుతుంది. గడువు కూడా చెప్పండి: "రిపోర్టులు వచ్చేదాకా". ఎప్పటిదాకానో తెలిసిన పనికి మగవాళ్లు అంత విసుక్కోరు.

వాడేటప్పుడు మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు కొబ్బరినూనె. లేటెక్స్ కండోమ్‌కి నూనె తగిలితే నిమిషాల్లో బలహీనపడి చిరిగిపోతుంది. వాజలీన్, బేబీ ఆయిల్ కూడా అంతే. పొడిగా ఉందనిపిస్తే మందుల షాపులో నీళ్ల ఆధారంగా చేసిన జెల్లీ అడగండి. బండి డిక్కీలో, పర్సులో నెలల తరబడి ఎండకీ వేడికీ ఉన్నది పారేయండి. రెండు ఒకేసారి తొడిగితే రెట్టింపు రక్షణ రాదు, రాపిడికి రెండూ చిరుగుతాయి. ఇంకో సంగతి, హెర్పిస్, హెచ్‌పీవీ, సిఫిలిస్ పుండు కండోమ్ కప్పని చోట ఉంటే తగిలినప్పుడు రావొచ్చు. అందుకే కండోమ్ ఉంది కదా అని టెస్టు మానేయకూడదు.

షాపులో అడగడానికి సిగ్గా? నల్ల కవర్లో చుట్టి ఇచ్చే కుర్రాడు రోజుకి ఎన్ని చుడతాడో, మీ మొహం సాయంత్రానికి గుర్తుండదు. అయినా ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో నిరోధ్ ఉచితంగా ఇస్తారు.

చెప్పడమే ప్రమాదమైతే

అందరి ఇళ్లూ మాటతో నడిచేవి కావు. రిపోర్టు చూపిస్తే కొడతాడని, పుట్టింటికి పంపేస్తారని, అత్తగారు ఊరంతా చెప్తుందని భయం ఉంటే ఒక్కరే ఇంట్లో చెప్పకండి. కౌన్సిలరుని అడిగితే భార్యాభర్తల్ని పిలిపించి "పిల్లల కోసం చూసేవాళ్లందరికీ చేస్తున్నాం" అని ఇద్దరికీ టెస్ట్ పెట్టిస్తారు. మేం చాలాసార్లు అలాగే చేశాం. దెబ్బల భయం ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. మందు మాత్రం ఆపొద్దు, ఇంట్లో చెప్పినా చెప్పకపోయినా మొదలుపెట్టండి.

రిపోర్టులు ఇద్దరూ కలిసి చూసిన రోజు

ఇక పైన చెప్పిన ఆ జంట. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆవిడ ప్రైవేటు బళ్లో టీచరు, ఆయనకి సొంతంగా బైక్ మెకానిక్ షెడ్డు. పెళ్లయి ఏడాది దాటింది, పిల్లల కోసం చూస్తున్నారు. ఆవిడ అక్కకి మొదటి చెకప్‌లో ఈ టెస్టులన్నీ చేశారట. దాన్నే పట్టుకుంది: "ఏవండీ, అక్కకి చేసినవే రేపు నాకూ చేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు ఏదైనా తేలితే కంగారు. ఇప్పుడే ఇద్దరం చేయించుకుంటే పోలేదూ?" ఆయన "నా మీద అనుమానమా?" అన్నాడు, ఆవిడ ఆ జవాబు చెప్పింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి అన్నం తింటూ, తల ఎత్తకుండా "పరగడుపున వెళ్లాలా?" అని అడిగాడట. ఒప్పుకోవడమంటే మగాళ్లకి అంతే.

హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి ఇద్దరికీ లేవు. సిఫిలిస్ దగ్గరే తేడా వచ్చింది. ఆవిడ కాగితంలో "వీడీఆర్ఎల్ రియాక్టివ్ 1:8", ఆయనది "నాన్ రియాక్టివ్". ఆయన మొహం మారిపోయింది. "నాకేం లేదు, ఈమెకే…" అని మొదలుపెట్టాడు. నేను రెండో కాగితం తిప్పి ముందు పెట్టాను. టీపీహెచ్‌ఏ ఇద్దరిదీ పాజిటివ్.

ఇక్కడే ఆగి వాళ్లకి చెప్పినట్టే మీకూ చెప్తాను. వీడీఆర్ఎల్ సిఫిలిస్‌కి మాత్రమే ప్రత్యేకమైన టెస్టు కాదు, గర్భంలోనూ కొన్ని ఇతర జబ్బుల్లోనూ ఉత్తినే రియాక్టివ్ రావొచ్చు. అందుకే ఒక్క వీడీఆర్ఎల్ చూసి ఎవరినీ ఏమీ అనకూడదు. టీపీహెచ్‌ఏ కూడా పాజిటివ్ అయితే ఆ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని గట్టిగా అనుకోవచ్చు. అది ఒకసారి పాజిటివ్ అయితే నయమైపోయినా మామూలుగా జీవితాంతం అలాగే ఉంటుంది. వీడీఆర్ఎల్ అంకె, అంటే 1:8 లో ఆ ఎనిమిది, మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే తగ్గి, కొందరిలో నాన్ రియాక్టివ్ కూడా అయిపోతుంది. కాబట్టి ఆయనది పాతది కావచ్చు, ఆవిడది కొత్తది కావచ్చు, ఇద్దరివీ పెళ్లికి ముందువీ కావచ్చు. ఏ తేదీన వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ కాగితం చెప్పదు. డాక్టరు కూడా చెప్పలేరు.

ఆయన చాలాసేపు టేబుల్ మీది పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, పెళ్లికి ముందు సిటీలో పని నేర్చుకునే రోజుల్లో ఒక పుండు వచ్చి నెల్లోపు మానిపోయిందని, వేడి పొక్కనుకున్నానని చెప్పాడు. అది అదేనా అంటే చెప్పలేం. ఆవిడ దాని గురించి ఇంకేమీ అడగలేదు. నా వైపు తిరిగి "ఇప్పుడు తగ్గిపోతుందా అండీ?" అంది.

తగ్గిపోతుంది. ఎప్పుడు సోకిందో తెలియని సిఫిలిస్‌కి బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్ల ఇంజెక్షన్, వారానికొకటి చొప్పున మూడు వారాలు. ఏడాదిలోపు వచ్చిందని కచ్చితంగా తెలిస్తే ఒక్కటి చాలు. పెన్సిలిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి. మధ్యలో వారం తప్పితే డాక్టరుని అడగాలి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావొచ్చు. ఇద్దరికీ కోర్సు పూర్తయ్యేదాకా కలవొద్దని డాక్టరు చెప్పారు. ఒక్కరికే వైద్యం చేస్తే కొన్ని ఇన్ఫెక్షన్లు ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. క్లమీడియా, గనోరియా, ట్రైకోమోనాస్ విషయంలోనూ ఇంతే, మందు ఇద్దరూ వాడాలి, ఇద్దరి మందూ అయ్యాక కూడా వారం రోజులు ఆగాలి. మీకు డాక్టరు ఇచ్చిన మాత్రల్లో సగం ఆయనకి పంచడం మాత్రం వద్దు. ఇద్దరికీ సగం సగం వైద్యం జరిగి ఎవరికీ తగ్గదు.

వాళ్ల రిపోర్టు వేరేలా వచ్చి ఉంటే మాట కూడా వేరేలా ఉండేది. ఒకరికి హెపటైటిస్ బి ఉండి రెండోవారికి లేకపోతే, లేనివారికి మూడు డోసుల టీకా వేస్తారు, ఇవాళ ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. అప్పటిదాకా కండోమ్, రేజరూ బ్రష్షూ వేరు. ఒకరికి హెచ్ఐవీ ఉంటే ఏఆర్‌టీ మందులు ఉచితం, రోజూ వేసుకుని రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే ఉంటే శారీరక సంబంధం ద్వారా రెండోవారికి సోకదు. ఈ ముక్క మొదటి రోజే ఇద్దరూ కలిసి కౌన్సిలరు నోట వినాలి. ఇంటికెళ్లి ఒకరు ఇంకొకరికి చెప్పబోతే ఏడుపులో ఏదీ సరిగా చేరదు.

ఆ జంట మూడు వారాలూ ఒకే బండి మీద వచ్చారు. ఆ ఇంజెక్షన్ నొప్పి మామూలుది కాదు. రెండో వారం తిరిగి వెళ్లేటప్పుడు బండి మీద ఇద్దరూ చెరో పక్కకి ఒరిగి కూర్చుంటే, సెక్యూరిటీ గార్డు "ఏమైందమ్మా, పడ్డారా?" అని అడిగాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

ఆరు నెలలకి మళ్లీ వీడీఆర్ఎల్ చూడాలి, ఆ తర్వాత ఏడాదికి. అంకె నాలుగో వంతుకి పడితే మందు పనిచేసినట్టు. ఆవిడది 1:8 నుంచి 1:2 కి వచ్చింది. ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోమంటే, అత్తగారు ఫోన్ చూస్తుందని ఆవిడ వెనకాడింది. ఆయనే ఫోన్ తీసుకుని రెండు ఫోన్లలోనూ రిమైండర్ పెట్టాడు. పేరు ఏం పెట్టావయ్యా అంటే చూపించాడు: "బండి సర్వీసింగ్, ఇద్దరం వెళ్లాలి."